‘జననీ జన్మభూమిశ్చ’: ఈ మాట వాల్మీకిదేనా?

గన్నవరంలో జరిగిన ఒక సంప్రదింపు తరగతిలో నలభై ఏళ్లు దాటిన ఒక విద్యార్థిని లేచి నన్నొక ప్రశ్న అడిగారు. ఆమె పెళ్లయ్యాక ఆగిపోయిన చదువును దూరవిద్యలో మళ్లీ మొదలుపెట్టిన గృహిణి. “సార్, మా అబ్బాయి పై చదువుకు అమెరికా వెళ్తానంటున్నాడు. కన్నతల్లి, పుట్టిన ఊరు స్వర్గం కంటే గొప్పవని సాక్షాత్తూ రాముడే అన్నాడని మా మామగారు వాడికి రోజూ చెబుతున్నారు. వాడు ఊరుకోకుండా అది రామాయణంలో ఎక్కడుందో చూపించమంటున్నాడు. మామగారు నన్ను అడిగారు, నేను మిమ్మల్ని అడుగుతున్నాను” అన్నారు. అదే సమయంలో పక్కనున్న విమానాశ్రయం నుంచి లేచిన విమానం మోతకు తరగతిలో అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. అంతకు కొన్నేళ్ల ముందు నేనే ఒక పాఠంలో ఆ శ్లోకం కింద ‘వాల్మీకి రామాయణం, యుద్ధకాండ’ అని రాశాను. సర్గ సంఖ్య మాత్రం ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదో ఆ రోజు నాకే అర్థమైంది. నేనెప్పుడూ దాన్ని గ్రంథంలో చూడలేదు.

ఆ పొరపాటును దిద్దుకోవడానికి నేను చేసిన వెతుకులాటనే ఈ పాఠ్యభాగంలో మీ ముందు ఉంచుతున్నాను. ఒక ప్రసిద్ధ వాక్యం ఫలానా గ్రంథంలోదే అని చెప్పేముందు ఏమేం చూడాలో దీనిద్వారా మీకు తెలుస్తుంది.

శ్లోకం రూపం

మనం వినే శ్లోకంలో రెండు భాగాలున్నాయి. ‘జననీ జన్మభూమిశ్చ’ అని మొదలయ్యే భాగం ఉత్తరార్ధం. తల్లి, పుట్టిన నేల స్వర్గం కంటే కూడా గొప్పవని దాని భావం. పూర్వార్ధంలో రాముడు తమ్ముణ్ణి పేరుపెట్టి పిలిచి, లంక బంగారుమయమే అయినా తనకు రుచించడం లేదంటాడు. రావణ వధ తర్వాత, లంకలోనే ఉండిపోదామా అన్న ఆలోచన వచ్చినప్పుడు రాముడు చెప్పిన సమాధానంగా దీన్ని మనవాళ్లు చెబుతారు.

అయితే ఇదే ఉత్తరార్ధం మరో పూర్వార్ధంతో కూడా కనిపిస్తుంది. అందులో లంక లేదు, లక్ష్మణుడు లేడు. మిత్రులు, ధనధాన్యాలు లోకంలో ఆదరం పొందేవే అయినా తల్లీ జన్మభూమీ వాటిని మించినవన్న ధోరణిలో అది సాగుతుంది. మద్రాసులో అచ్చయిన ఒక దాక్షిణాత్య ప్రతిలో యుద్ధకాండ చివర, భరద్వాజాశ్రమ ఘట్టంలో, భరద్వాజుడు రాముడితో అన్న మాటగా ఇది చేరి ఉంది.

ఈ విషయాన్ని మీరు గమనించాలి. ఒకే ఉత్తరార్ధం రెండు వేర్వేరు పూర్వార్ధాలతో, ఇద్దరు వేర్వేరు వక్తల నోట, రెండు వేర్వేరు చోట్ల వినిపిస్తోంది. కావ్యంలో పుట్టిన శ్లోకం సాధారణంగా ఇలా తిరగదు. జనం నోట సుభాషితంగా నిలిచిన అర్ధశ్లోకమే ఇలా తిరుగుతుంది. ఎవరికి ఏ సందర్భం కావాలంటే ఆ సందర్భానికి తగిన మొదటి సగాన్ని దానికి అతికించుకుంటారు. ‘లక్ష్మణా’ అన్న సంబోధన ఒక్కటి చేరిస్తే చాలు, అది రాముడి మాట అయిపోతుంది. ఆ తర్వాత దాని చిరునామా ఎవరూ అడగరు. నేనూ అడగలేదు.

ఛందస్సు చూసి తేల్చలేమా అని మీలో కొందరు అడగవచ్చు. చూద్దాం. అనుష్టుప్పులో పాదానికి ఎనిమిది అక్షరాలు. ప్రతి పాదంలోనూ అయిదో అక్షరం లఘువు, ఆరోది గురువు కావాలి. ఏడో అక్షరం బేసి పాదాల్లో గురువుగా, సరి పాదాల్లో లఘువుగా ఉండాలి. ‘జననీ జన్మభూమిశ్చ’లో అయిదోది ‘న్మ’ లఘువు, ఆరోది ‘భూ’ గురువు, ఏడోది ‘మి’. దాని తర్వాత సంయుక్తాక్షరం ఉంది కనుక అదీ గురువే. పాదం నిర్దోషంగా ఉంది. కానీ దీనివల్ల మనకు తెలిసిందేమీ లేదు. వాల్మీకి తర్వాత వేల మంది నిర్దోషమైన అనుష్టుప్పులు రాశారు.

వ్యాకరణం కూడా తీర్పు చెప్పదు. జనని, జన్మభూమి అని ఇద్దరిని చెప్పాక ద్వివచనం రావాలి కదా, ‘గరీయసీ’ అని ఏకవచనం ఎందుకొచ్చిందని కొందరు ఆక్షేపిస్తారు. సంస్కృతంలో ఇలాంటి చోట విధేయ పదం దగ్గరున్న కర్త వచనాన్ని అనుసరించడం ఉన్నదే. ఈ ఏకవచనాన్ని గుర్తుపెట్టుకోండి. దానితో మనకు తర్వాత పని ఉంది.

ఏ రామాయణం?

‘రామాయణంలో ఉందా?’ అన్నప్పుడు ఏ ప్రతిలో అని కూడా అడగాలి. వాల్మీకి రాసిన తాళపత్రం మన దగ్గర లేదు. శతాబ్దాల పాటు లేఖకులు ఒకరిని చూసి ఒకరు రాసుకున్న ప్రతులే ఉన్నాయి. వీటిని పండితులు స్థూలంగా ఔత్తరాహ పాఠం, దాక్షిణాత్య పాఠం అని విభజించారు. శారద, నేవారీ, మైథిలీ, వంగ లిపుల ప్రతులు మొదటి వర్గంలోకి వస్తాయి. తెలుగు, గ్రంథ, మలయాళ లిపుల ప్రతులు రెండో వర్గంలోకి వస్తాయి. దేవనాగరి ప్రతులు రెండు వర్గాల్లోనూ ఉన్నాయి. కథ ఒకటే అయినా ఈ రెండు పాఠాల్లో శ్లోకాలు చాలాచోట్ల మారతాయి.

ఈ ప్రతులను పక్కపక్కన పెట్టి పోల్చి బరోడాలోని ఓరియంటల్ ఇన్‌స్టిట్యూట్ 1960 నుంచి 1975 వరకు ఏడు కాండలనూ ఏడు సంపుటాలుగా ప్రచురించింది. దీన్నే పరిష్కృత ప్రతి అంటాం. పద్ధతి స్థూలంగా ఇది: ఒక శ్లోకం ఉత్తరాది, దక్షిణాది ప్రతులు రెండింటి సాక్ష్యాన్నీ నిలబెట్టుకుంటే దాన్ని మూలపాఠంలో ఉంచుతారు. కొన్ని ప్రతుల్లో మాత్రమే ఉంటే పుట అడుగున గుర్తు పెట్టి ఇస్తారు, పెద్ద భాగమైతే అనుబంధంలో ఇస్తారు. అంటే తీసి పారేయరు, స్థానం మారుస్తారు. చదివేవాడికి ఆధారం కళ్లముందే ఉంటుంది.

ఈ పరిష్కృత ప్రతి మూలపాఠంలో మన శ్లోకం లేదు. లక్ష్మణుణ్ణి పిలిచే రూపమూ లేదు, భరద్వాజుడి రూపమూ లేదు.

కనుక మన సమాధానాన్ని జాగ్రత్తగా చెప్పాలి. ‘రామాయణంలో ఎక్కడా లేదు’ అంటే తప్పు, ఎందుకంటే ఒక అచ్చుప్రతిలో భరద్వాజుడి మాటగా ఉంది. ‘వాల్మీకి రామాయణంలో రాముడు లక్ష్మణుడితో అన్నాడు’ అంటే అంతకంటే పెద్ద తప్పు. మన మధ్య తిరుగుతున్నది ఈ రెండోదే.

ఇలా జరగడం కొత్తేమీ కాదు. వారధి కట్టడంలో సాయం చేసిన ఉడుత కథ మనకు రంగనాథ రామాయణంలో దొరుకుతుంది, వాల్మీకిలో దొరకదు. లక్ష్మణుడు గీసిన గీత సంగతీ అంతే. తెలుగింట పెరిగినవాళ్లకు ఇవి లేని రామాయణాన్ని ఊహించడం కష్టం. అవి అబద్ధాలు కావు. వాల్మీకివి కావు, అంతే.

సందర్భం దగ్గరకు వెళ్లి చూస్తే

ఇంతటితో ఆగిపోయి ఉంటే ఆ విద్యార్థినికి ‘లేదమ్మా’ అని ఒక్క మాటలో చెప్పి ఉండేవాణ్ణి. కానీ శ్లోకం లేదని తేలాక, ఆ స్థలంలో వాల్మీకి ఏం రాశాడో చూడకపోతే పని సగమే అయినట్టు. మీరూ పుస్తకం తెరవండి. సర్గ సంఖ్యలు ప్రతిని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతాయి కాబట్టి సంఖ్యతో పాటు సన్నివేశాన్ని కూడా చూసుకోండి. నేనిచ్చే సంఖ్యలు గీతా ప్రెస్ ప్రతిని అనుసరించినవి.

యుద్ధకాండ 121వ సర్గలో విభీషణుడు రాముడికి మంగళస్నానం, వస్త్రాభరణాలు సిద్ధం చేయించి, కొన్నాళ్లు లంకలో ఆతిథ్యం స్వీకరించమని వేడుకుంటాడు. బంగారు లంక వద్దనే మాట రావాలంటే ఇక్కడే రావాలి. రాముడు వద్దనే అంటాడు. కానీ కారణం వేరు. తన కోసం అక్కడ వ్రతం పట్టి కష్టపడుతున్న భరతుడు లేకుండా తనకు స్నానమూ అలంకారమూ రుచించవంటాడు. చిత్రకూటానికి వచ్చి తలవంచి వేడుకున్నా తాను మాట వినలేకపోయిన ఆ తమ్ముణ్ణి చూడాలని మనసు తొందరపడుతోందంటాడు. తర్వాత కౌసల్య, సుమిత్ర, కైకేయి, మిత్రుడైన గుహుడు, పౌరజానపదులు గుర్తుకొస్తారు.

ఆ జాబితాను మరోసారి చూడండి. అందులో తల్లి ఉంది, కానీ ముగ్గురు తల్లులూ ఉన్నారు. అడవికి పంపిన కైకేయి కూడా ఉంది. అందరికంటే ముందు తమ్ముడున్నాడు. పడవ నడిపించిన గుహుడున్నాడు. నేల లేదు, స్వర్గంతో పోలికా లేదు. లంక బంగారం గురించి మాటే లేదు. రాముణ్ణి లాగుతున్నది మనుషులు. దానికి తోడు గడువు ఒకటుంది. పద్నాలుగేళ్లు నిండిన మర్నాడు కనబడకపోతే అగ్నిలో దూకుతానని భరతుడు ఆనాడే చెప్పాడు. ఆ తొందరను దృష్టిలో పెట్టుకుని చదివితే రాముడి మాటలు ఎంత ఆత్రంగా ఉన్నాయో తెలుస్తుంది.

తర్వాత 123వ సర్గలో పుష్పకవిమానం నుంచి రాముడు సీతకు దారిపొడుగునా చోట్లు చూపిస్తాడు. చివర అయోధ్య కనబడగానే, అదిగో మా తండ్రిగారి రాజధాని, తిరిగి వచ్చావు కదా, నమస్కరించు అంటాడు. నేలకు నమస్కారం ఇక్కడ ఉంది, అయితే అది ‘తండ్రి రాజధాని’. జన్మభూమిని తల్లిగా చూడటం ఈ మాటల్లో లేదు.

అయితే రాముడికి ఊరంటే మమకారం లేదనుకోవద్దు. అయోధ్యాకాండ 50వ సర్గలో, కోసల దేశపు పొలిమేర దగ్గర ఆయన రథం ఆపి అయోధ్య వైపు తిరిగి చేతులు జోడించి నగరం దగ్గర సెలవు తీసుకుంటాడు. వనవాసం ముగించి, ఋణం తీర్చుకుని, తల్లిదండ్రులను కలుసుకుని మళ్లీ నిన్ను చూస్తానని నగరంతోనే చెబుతాడు. ఆ ముందు సర్గలో సరయూ తీరపు పూల అడవుల్లో మళ్లీ ఎప్పుడు తిరుగుతానో అని సుమంత్రుడితో అంటాడు. ఊరు విడిచి వెళ్లే ప్రతివాడికీ తెలిసిన బాధ ఇది. గన్నవరం విమానాశ్రయం బయట అద్దాల వెనక్కి చూసి చెయ్యి ఊపే పిల్లలను నేను చూశాను. వాల్మీకి రాసింది దానికి దగ్గరగా ఉంది.

మరి అదే రాముడు చిత్రకూటం చేరాక ఏమన్నాడు? 94, 95 సర్గలు చూడండి. ఈ కొండ అందం చూస్తుంటే రాజ్యం పోయినందుకు గాని, ఆత్మీయులకు దూరమైనందుకు గాని నాకు బాధ లేదని సీతతో అంటాడు. చిత్రకూటాన్ని, మందాకినిని చూడటం నగరవాసం కంటే మిన్న అని కూడా అంటాడు. జన్మభూమి అన్నింటికంటే మిన్న అన్న సిద్ధాంతం ఒక్కటే రాముడిదైతే ఈ మాటలను ఎక్కడ పెడతాం? భార్యను ఓదార్చడానికి అన్నాడని సరిపెట్టుకునేవాళ్లున్నారు. నాకు ఆ సమాధానం పూర్తిగా నచ్చదు. ఆ వర్ణనలో ఓదార్పు కంటే ఆనందమే ఎక్కువ కనబడుతుంది.

జనని విషయమూ అంత సులువుగా లేదు. అయోధ్యాకాండ 21వ సర్గలో కౌసల్య, తండ్రి నీకెంత పూజ్యుడో నేనూ అంతే, నేను అనుమతించను, వెళ్లవద్దు అంటుంది. రాముడు తల్లి మాట కాదని తండ్రి మాటే నిలబెడతాడు. అందుకు ఆయన చూపిన ఉదాహరణల్లో పరశురాముడి కథ ఉంది. తండ్రి ఆజ్ఞతో కన్నతల్లి రేణుకను నరికినవాడి కథ అది! కన్నతల్లి ఎదుట ఆ ఉదాహరణ చెప్పడం నాకు ఇప్పటికీ కఠినంగానే తోస్తుంది. ఈ ఘట్టాన్ని చదివినవాళ్లు మన శ్లోకాన్ని రాముడి జీవితసూత్రంగా చెప్పాలంటే కొంచెం తడబడాలి.

స్వర్గంతో పోలిక కోసం వెతికితే అయోధ్యాకాండలోనే సీత నోట దొరుకుతుంది. నీతో ఉండటమే స్వర్గం, నీవు లేకపోవడమే నరకం అని ఆమె రాముడితో అంటుంది. ఇక్కడ కూడా కొలమానం మనిషే.

మరి ఎక్కడి నుంచి వచ్చింది?

దీనికి పోలిన భావాలు మన ప్రాచీన వాఙ్మయంలో ఉన్నాయి. భారతం అరణ్యపర్వంలో యక్షుడు భూమి కంటే బరువైనది ఏదని అడిగితే ధర్మరాజు తల్లి అంటాడు. తెలుగులో ఈ ఘట్టం ఎఱ్ఱన పూరించిన భాగంలో వస్తుంది. ‘గరీయసీ’ అన్న మాటకు మూలమైన ‘గురు’ శబ్దానికి బరువు అనే అర్థం ఉంది కనుక రెండూ ఒకే కుటుంబపు పోలికలు. కానీ తేడా చూడండి. భారతంలో తల్లి భూమిని మించింది. మన శ్లోకంలో తల్లి, భూమి ఒకే తక్కెడలో కూర్చుని స్వర్గాన్ని మించాయి. అథర్వవేదంలోని భూమి సూక్తం భూమిని తల్లి అంటుంది, అయితే అక్కడ భూమి అంటే మొత్తం పృథివి. పుట్టిన ఊరో, దేశమో కాదు.

పుట్టిన దేశమే తల్లి అన్న అర్థంలో ఈ అర్ధశ్లోకానికి పెద్ద బలం వంగదేశం నుంచి వచ్చింది. బంకించంద్ర చటోపాధ్యాయ ‘ఆనందమఠం’ నవల 1882లో పుస్తకంగా వెలువడింది. అందులో భవానందుడు వందేమాతర గేయం పాడుతుంటే మహేంద్రుడు ఇది దేశం, తల్లి కాదు కదా అని ఆశ్చర్యపోతాడు. అప్పుడు భవానందుడు ఈ అర్ధశ్లోకాన్ని చెప్పి, జన్మభూమే మాకు జనని, మాకు వేరే తల్లి లేదంటాడు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న ఏకవచనం ఇక్కడ పనికొచ్చింది. ఇద్దరు కాదు, ఒక్కరే అన్నమాట. ఇంకో సంగతి గమనించండి. భవానందుడు దీన్ని రామాయణ వాక్యంగా చెప్పడు. అందరికీ తెలిసిన నానుడిలాగే చెబుతాడు. నేపాల్ దేశం తన రాజ్యచిహ్నం మీద రాసుకున్నదీ ఈ ఉత్తరార్ధమే. అక్కడా లంక లేదు, లక్ష్మణుడు లేడు.

వందేమాతరం మన కృష్ణా తీరానికి ఎలా చేరిందో చరిత్ర పాఠాల్లో చదివే ఉంటారు. 1907లో బిపిన్ చంద్రపాల్ విశాఖపట్నం మొదలు కాకినాడ, రాజమండ్రి, బెజవాడ, మచిలీపట్నం వరకు ఉపన్యసించారు. ‘కృష్ణాపత్రిక’ ముట్నూరి కృష్ణారావు గారు ఆ పర్యటనకు ముఖ్య కారకులు. దేశాన్ని తల్లిగా పూజించే భాష ఈ నేలలో ఆ తరంలో స్థిరపడింది. ఆ తర్వాత ‘జన్మభూమి’ అన్న మాట సినిమా పేరైంది, 1997లో ప్రభుత్వ కార్యక్రమం పేరైంది, రైలుబండి పేరు కూడా అయింది. ఇంత వాడుకలో ఉన్న మాటకు పెద్ద చిరునామా ఉండాలని జనం కోరుకోవడం సహజం. రాముడి కంటే పెద్ద చిరునామా ఏముంటుంది?

ఇక మీ వ్యాసాల సంగతి. అభ్యాసాల్లో ఈ వాక్యాన్ని వాడుకోవడానికి అభ్యంతరం లేదు. కింద ‘వాల్మీకి రామాయణం’ అని రాయకండి. ‘ప్రసిద్ధ సుభాషితం, కొన్ని దాక్షిణాత్య రామాయణ ముద్రణల్లో భరద్వాజుడి మాటగా కనిపిస్తుంది, పరిష్కృత ప్రతి మూలంలో లేదు’ అని రాయండి. పొడుగ్గా ఉందనుకుంటే ‘సుభాషితం’ అన్న ఒక్క మాట చాలు. ఎవరైనా దీనికి సర్గ, శ్లోక సంఖ్యలు ఇచ్చి చూపిస్తే, ఏ ముద్రణో అడిగి, ఆ పుట తెరిచి, మాట్లాడుతున్నది ఎవరో చూడండి.

తర్వాతి తరగతికి ఆ విద్యార్థిని వచ్చినప్పుడు నా పాత పాఠంలో తప్పు రాశానని అందరి ముందూ చెప్పి, పైన ఇచ్చిన సర్గల సంఖ్యలు ఆమెకు కాగితం మీద రాసిచ్చాను. నెల తర్వాత ఆమె చెప్పిన సంగతి ఇది. మామగారు శ్లోకం లేదంటే మొదట ఒప్పుకోలేదట. చివరికి మనవడితో పుస్తకం తెప్పించుకుని విభీషణుడి సర్గ చదివించుకున్నారట. కాసేపు ఏమీ మాట్లాడలేదట. తర్వాత, “సరే, ఊరి కోసం కాదులే, మా కోసమే రా. గడువు మాత్రం చెప్పి వెళ్లు” అన్నారట.